ఫొటోలో పైపు జాయింటు: ఏ ముక్క పేరేమిటి?



హార్డ్‌వేరు కొట్లో బల్ల వెనక కూర్చునేవాళ్లకు ఈ రోజుల్లో మనిషికంటే ముందు ఫొటో వస్తుంది. "అన్నా, ఇది ఒకటి తీసి పక్కన పెట్టు, సాయంత్రం వచ్చి పట్టుకెళ్తా" అని ఒక మాట, దాని పైన ఒక బొమ్మ. తీరా చూస్తే అందులో ఒక్క ముక్క ఉండదు. నాలుగైదు ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. "ఇది" అంటే వాటిలో ఏది? అడిగితే "అదే అన్నా, ఆ జాయింటు" అంటారు. కొట్టువాడు తోచిందేదో తీసి పెడతాడు. సాయంత్రం పట్టుకెళ్లింది రేపు పొద్దున మళ్లీ కొట్టుకొస్తుంది.

ఫొటో చూసి ఒక్కో ముక్కను విడదీసి పేరు పెట్టడం ఎలాగో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం. ఒకే ఒక్క ఫొటో తీసుకుందాం. మీకు చూపించలేను కాబట్టి మాటల్లో చెబుతాను, మనసులో గీసుకోండి.

డాబా మీద నల్లటి నీళ్ల ట్యాంకు ఉంది. దాని అడుగున, పక్క గోడకు, వెడల్పాటి అంచున్న నట్టు ఒకటి బిగించి ఉంది. అందులోంచి తెల్లటి పైపు జానెడు దూరం అడ్డంగా వచ్చింది. ఆ పైపు మీద ఎర్ర పిడి ఉన్న ముక్క. దాని తరవాత చిన్న పైపు ముక్క, ఆ తరవాత చుట్టూ గాట్లున్న లావుపాటి రింగు. రింగు దాటాక పైపు ఇంకొంచెం ముందుకుపోయి ఒక మూల దగ్గర కిందికి తిరిగింది. తిరిగాక బెత్తెడు దిగి, ఒక మెట్టులాంటి చోట సన్నబడింది. అక్కణ్నుంచి సన్న పైపు గోడవెంట కిందికి దిగిపోయింది. కిందికి తిరిగిన ఆ మూల అడుగున ఒక నీటిబొట్టు వేలాడుతోంది. ఫొటో పంపిన మనిషి "ఎల్బో పోయింది, కొత్తది కావాలి" అని రాశాడు.

అది నిజంగా ఎల్బోనేనా, పోయింది అదేనా, కొత్తది కావాలంటే ఏమని అడగాలి? ఈ మూడూ తేల్చుకుందాం.

ఫొటో చేతికి రాగానే ముక్కల పేర్లు గుర్తుతెచ్చుకునే పని పెట్టుకోకండి. ముందు నీళ్లు ఎటునుంచి ఎటు పోతున్నాయో వేలితో గీయండి. మన ఫొటోలో ట్యాంకు నుంచి కుడివైపుకు, తరవాత కిందికి. ఇప్పుడు ఆ దారిలో తగిలిన ప్రతి ముక్కనూ మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ నీళ్ల దారి తిరిగిందా? ఇక్కడ పైపు లావు మారిందా? ఇక్కడ చేత్తో తిప్పడానికి ఏమైనా ఉందా? పైపు పనిలో ముక్కలన్నీ ఏదో ఒక పని కోసమే పెడతారు కాబట్టి, పని తెలిస్తే పేరు దొరికినట్టే. దారి తిప్పేది ఎల్బో. లావు మార్చేది రెడ్యూసర్. తిప్పితే నీళ్లు ఆపేది వాల్వ్. తిప్పితే పైపు రెండుగా విడిపోయేది యూనియన్. దారీ తిప్పక, లావూ మార్చక, తిప్పడానికీ ఏమీ లేక ఊరికే రెండు పైపులను కలిపి ఉంచేది కప్లింగ్. నీళ్లు ఒకవైపు వచ్చి రెండు వైపులకు చీలితే అది టీ.

ఇక మన ఫొటోలో ట్యాంకు వైపు నుంచి మొదలుపెడదాం. గోడకు బిగించిన వెడల్పు అంచు నట్టు ట్యాంక్ నిప్పల్. ట్యాంకు గోడకు లోపల ఒక అంచు, బయట ఒక నట్టు, మధ్యలో రబ్బరు వాషరు. దాని జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు. అక్కడ తడి లేదు.

తరవాతిది ఎర్ర పిడి ముక్క. తిప్పడానికి పిడి ఉంది కాబట్టి అది వాల్వ్. ఏ వాల్వ్ అన్నది పిడి ఆకారమే చెబుతుంది. ఒకవైపుకే సాగిన పొడుగు పిడిగానీ, రెండు చిన్న రెక్కల పిడిగానీ ఉంటే బాల్ వాల్వ్. స్టీరింగులాగా గుండ్రటి చక్రం ఉంటే చాలా వరకు గేట్ వాల్వ్. బాల్ వాల్వ్ లోపల ఒక గుండు ఉంటుంది, పూసకు ఉన్నట్టు దానికి ఈ చివరనుంచి ఆ చివరకు బెజ్జం ఉంటుంది. పిడిని పావు చుట్టు తిప్పితే బెజ్జం పైపుకు ఎదురుగా వస్తుంది, నీళ్లు పోతాయి. మళ్లీ పావు చుట్టు తిప్పితే బెజ్జం గోడలవైపు తిరుగుతుంది, నీళ్లు ఆగుతాయి. గేట్ వాల్వ్‌లో అలా కాదు. చక్రం చాలా చుట్లు తిప్పితే లోపల ఒక పలక మెల్లగా కిందికి దిగి దారి మూసేస్తుంది.

దీనివల్ల ఫొటో చూసేవాడికి ఒక లాభముంది. బాల్ వాల్వ్ తెరిచి ఉందో మూసి ఉందో బొమ్మలోనే తెలిసిపోతుంది. పిడి పైపు వెంట పడుకుని ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు. మన ఫొటోలో ఎర్ర పిడి పైపు వెంటే ఉంది, అంటే నీళ్లు వదిలే ఉన్నాయి. మామూలు ఇత్తడి గేట్ వాల్వ్ చక్రాన్ని చూసి ఆ సంగతి చెప్పలేం. తెరిచినా మూసినా చక్రం ఒకేలా కనిపిస్తుంది.

బాల్ వాల్వ్ అనే మాటతో కొట్టు దగ్గర ఒక తికమక వస్తుంటుంది. ట్యాంకు లోపల నీళ్ల మీద తేలుతూ, నిండగానే నీళ్లు ఆపే బంతి ఒకటుంటుంది కదా, దాన్ని కూడా కొందరు బాల్ వాల్వ్ అంటారు, కొందరు బాల్ కాక్ అంటారు. దాని అసలు పేరు ఫ్లోట్ వాల్వ్. రెండింటిలోనూ బంతి ఉన్నా పనులు వేరు. అందుకని ఫోన్లో చెప్పేటప్పుడు "పిడి ఉన్న బాల్ వాల్వ్" అనో, "ట్యాంకు లోపల తేలేది" అనో ఒక ముక్క కలిపి చెబితే గొడవ ఉండదు.

వాల్వ్ దాటాక గాట్ల రింగు. అసలు కథ ఇక్కడుంది. ఈ రింగును చాలామంది కప్లింగ్ అనుకుంటారు, ఎందుకంటే రెండూ రెండు పైపులను కలుపుతాయి. తేడా ఏమిటంటే కప్లింగ్ ఒకే ముక్క. నున్నగా ఉంటుంది. ప్లాస్టిక్ లైనులో అయితే రెండు వైపులా సొల్యూషన్ పూసి అతికించేస్తారు, ఇక కోయాల్సిందే తప్ప విప్పడమంటూ లేదు. యూనియన్‌లో మూడు ముక్కలుంటాయి. ఈ పైపుకు అతికిన ఒక కాలరు, ఆ పైపుకు అతికిన మరో కాలరు, ఆ రెంటినీ ఒకదానికొకటి నొక్కి పట్టే రింగు. చేతికి పట్టు దొరకాలని రింగు చుట్టూ గాట్లు పెడతారు. ఇనుప పైపుల్లో అయితే పానా పట్టడానికి వీలుగా ఆ రింగు ఆరు పలకలుగానో ఎనిమిది పలకలుగానో ఉంటుంది. ఫొటోలో గుర్తు పట్టడానికి ఇది చాలు: రింగు పక్కనున్న భాగం కంటే లావుగా ఉండి, ఒక అంచున సన్నటి గీతలాంటి సందు కనబడితే అది యూనియన్.

యూనియన్ ఎందుకు పెడతారో తెలిస్తే దాన్ని ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. జీఐ పైపులనే తీసుకోండి. అన్నీ ఒకవైపే తిరిగే త్రెడ్డులు. రెండు చివర్లా బిగించి ఉన్న పైపును మధ్యలో తిప్పితే ఒక చివర వదులవుతుంటే రెండో చివర ఇంకా బిగుసుకుంటుంది. అలాంటి లైనును మధ్యలో విప్పాలంటే పైపు తిరగకుండా రింగు మాత్రమే తిరిగే ముక్క ఒకటి కావాలి. అదే యూనియన్. అందుకే మోటారు దగ్గర, మీటరు దగ్గర, వాల్వ్ దగ్గర, అంటే రేపెప్పుడైనా విప్పే పని పడే ప్రతిచోటా దాన్ని పెడతారు. ట్యాంకు దగ్గర అయితే వాల్వ్ తరవాత ఉండాలి. అప్పుడు వాల్వ్ మూసి యూనియన్ విప్పుకోవచ్చు. వాల్వ్‌కు ముందే ఉంటే, విప్పాలంటే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. మన ఫొటోలో అది వాల్వ్ తరవాతే ఉంది, పని తెలిసినవాడు పెట్టాడు.

యూనియన్‌గా పొరబడే ముక్కలు రెండున్నాయి. కొన్ని ప్లాస్టిక్ బాల్ వాల్వ్‌లకు వాటి చివర్లలోనే గాట్ల రింగులుంటాయి. పిడికి ఆనుకుని, మధ్యలో పైపు కనబడకుండా రింగు ఉంటే అది వాల్వ్‌లో భాగమే. దాన్ని యూనియన్ బాల్ వాల్వ్ అంటారు, ఒకే సరుకు. మన ఫొటోలో పిడి ముక్కకూ రింగుకూ మధ్య పైపు ముక్క కనబడుతోంది కాబట్టి ఇవి రెండు వేర్వేరు సరుకులు. రెండోది నాన్ రిటర్న్ వాల్వ్. మోటారు దగ్గర ఇత్తడిలో ఉంటుంది, రెండు చివర్లా పానా పలకలతో యూనియన్‌లాగే కనిపిస్తుంది. దాని ఒంటి మీద సాధారణంగా ఒక బాణం గుర్తు పోసి ఉంటుంది, నీళ్లు ఎటు పోవాలో చెప్పడానికి. బాణం కనబడితే యూనియన్ అనకండి.

ఇప్పుడు మూల. నీళ్ల దారి అడ్డం నుంచి నిలువుకు తిరిగింది, అంటే 90 డిగ్రీలు. రెండు నోళ్లే ఉన్నాయి. ఇది ఎల్బో, మన మనిషి చెప్పిన పేరు సరైనదే. సగం వంపు మాత్రమే ఉంటే, అంటే 45 డిగ్రీలైతే, ఆ అంకె చెప్పి అడగాలి. ఊరికే ఎల్బో అంటే కొట్టువాడు 90 డిగ్రీలదే ఇస్తాడు. మూల దగ్గర చటుక్కున తిరక్కుండా విల్లులా సాగి తిరిగితే దాన్ని బెండ్ అంటారు. రెండూ దారి తిప్పేవే అయినా, బెండ్ ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఎల్బో ఉన్నచోట పట్టదు.

ఎల్బో విషయంలో ఫొటో దాచిపెట్టే సంగతి ఒకటుంది, దాని నోళ్ల లోపలి తీరు. రెండు నోళ్లూ సొల్యూషన్‌తో అతికేవా, లేక ఒకదాంట్లో త్రెడ్డు ఉందా? గోడలో కుళాయి బిగించే చోట వాడే ఎల్బోకు ఒక నోట్లో ఇత్తడి త్రెడ్డు ఉంటుంది. దాన్ని బ్రాస్ ఎల్బో అంటారు. పైపు బిగించాక ఆ ఇత్తడి బయటికి సరిగా కనబడదు. ఆ చివర ఏముందో చూడండి. కుళాయి, షవరు, ఇనుప నిప్పల్ లాంటివి ఉంటే త్రెడ్డు, పైపే ఉంటే అతుకు. మన ఎల్బోకు రెండు వైపులా తెల్ల పైపే ఉంది. కాబట్టి రెండూ అతుకు నోళ్లే.

ఎల్బో కింద బెత్తెడు దిగాక మెట్టులా సన్నబడిన ముక్క రెడ్యూసర్. ఇది గుర్తు పట్టడం తేలిక, ఎందుకంటే లావు నుంచి సన్నానికి దిగే భుజం బయటికే కనిపిస్తుంది. అయితే పైపు సన్నబడినా భుజం కనబడని చోట్లు కొన్ని ఉంటాయి. లావు ముక్క నోట్లోంచి సన్న పైపు నేరుగా బయటికొచ్చి, మధ్యలో సన్నటి అంచు మాత్రమే కనిపిస్తుంది. అక్కడ లోపల రెడ్యూసింగ్ బుష్ ఉందన్నమాట. రెడ్యూసర్ రెండు పైపుల మీద టోపీలా కూర్చుంటే, బుష్ పెద్ద ముక్క నోట్లోకి దూరిపోతుంది. ఒకటి అడిగి ఇంకోటి తెచ్చుకుంటే పట్టదు. పేరు చెప్పేటప్పుడు పెద్ద కొలత ముందు, చిన్న కొలత తరవాత చెప్పడం కొట్లలో వాడుక: "ఇంచు బై ముప్పావు రెడ్యూసర్" అని.

పేర్లన్నీ వచ్చేశాయి. ఇక కొలత. ఫొటో దగ్గర అందరూ బోల్తాపడేది ఇక్కడే. దగ్గర్నుంచి తీస్తే అరంగుళం పైపు కూడా తూములా కనిపిస్తుంది. అందుకే పైపు పక్కన కొలత తెలిసిన వస్తువు ఒకటి పెట్టి ఫొటో తీయాలి. పది రూపాయల బిళ్ల అందరి దగ్గరా ఉంటుంది, దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. బిళ్లను పైపుకు ముందు కాకుండా పక్కన, పైపు నడుముకు సమంగా పట్టుకోండి. ముందుకు పెడితే బిళ్ల పెద్దదిగా, పైపు చిన్నదిగా పడుతుంది. రెండడుగులు వెనక్కి నిలబడి జూమ్ చేసి తీస్తే ఆ తేడా ఇంకా తగ్గుతుంది.

మన ఫొటోలో బిళ్ల ఉందనుకుందాం. ఫోను తెర మీద స్కేలు పెట్టి చూస్తే బిళ్ల 18 మిల్లీమీటర్లు కనబడింది, పై పైపు 22 కనబడింది. 27ను 22తో గుణించి 18తో భాగించండి, 33 వస్తుంది. కింది సన్న పైపు తెర మీద బిళ్లంతే ఉంది, అంటే 27. ఇప్పుడు ఇళ్లలో వాడే తెల్ల యూపీవీసీ పైపుల బయటి కొలతలు వినండి. అరంగుళం పైపు 21.3 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం పైపు 26.7. అంగుళం పైపు 33.4. కాబట్టి పైది అంగుళం పైపు, కిందిది ముప్పావు. రెడ్యూసర్ ఇంచు బై ముప్పావు. అంగుళం పైపు అంటే అంగుళం లావు కాదని గమనించారు కదా. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, ఆ పైపు మాత్రం బయట 33 దాటుతుంది. ఇంచు అనేది దాని పేరే తప్ప బయటి కొలత కాదు.

బిళ్ల లేకపోతే దారం చాలు. పైపు చుట్టూ ఒక చుట్టు చుట్టి, ఆ పొడవును స్కేలు మీద కొలవండి. యూపీవీసీ అంగుళం పైపుకు దాదాపు పదిన్నర సెంటీమీటర్లు వస్తుంది, ముప్పావుకు దాదాపు ఎనిమిదిన్నర, అరంగుళానికి ఆరున్నర దాటుతుంది. కొలిచేటప్పుడు పైపునే కొలవండి, ముక్కను కాదు. ఎల్బో పైపు మీద తొడుగులా కూర్చుంటుంది కాబట్టి దాని బయటి లావు కొలిస్తే ఒక సైజు పెద్దది తెచ్చుకుంటారు. ముక్కకు సైజు పేరు దాని లోపలికి దూరే పైపును బట్టే వస్తుంది.

కొలతకు రంగు తోడు కావాలి. వేడినీళ్లకూ వాడే సీపీవీసీ పైపు లేత మీగడ రంగులో ఉంటుంది. దాని కొలతల వరస వేరు. సీపీవీసీలో ముప్పావు అంగుళం పైపు బయట 22.2 మిల్లీమీటర్లు మాత్రమే. యూపీవీసీలో అరంగుళం పైపు 21.3 అని ఇందాక చెప్పాను. అంటే ఒకదాంట్లో ముప్పావు, ఇంకోదాంట్లో అర, చూడ్డానికి దాదాపు ఒకే లావు. ఎండకు పసుపెక్కిన తెల్ల పైపు ఫొటోలో సీపీవీసీలాగే కనిపిస్తుంది. కాబట్టి రంగు మీద అనుమానం వస్తే పైపు పొడవునా అచ్చువేసిన అక్షరాల వరసను ఫొటో తీయండి. సీపీవీసీ పైపు మీద ఆ పేరుంటుంది, ఎస్‌డీఆర్ అనే మూడక్షరాలూ పక్కన 11 లేదా 13.5 అనే అంకే ఉంటాయి, ఐఎస్ 15778 అనే ప్రమాణం సంఖ్య కూడా ఉంటుంది.

పొలాల్లో బోరు లైనుకు వాడే బూడిదరంగు పీవీసీ పైపుది మూడో వరస. దాని ప్రమాణం ఐఎస్ 4985, దాన్ని మిల్లీమీటర్లలోనే పిలుస్తారు: 25, 32, 40, 50, 63 అని. పొలంలో 32 పైపును చాలామంది ఇంచు పైపు అనే అంటారు. కానీ ఇంటి తెల్ల పైపు ఇంచుది 33.4. ఇంటి ఎల్బోలో పొలం పైపు పెడితే లొడలొడలాడుతుంది. సొల్యూషన్ ఎంత పూసినా ఆ సందు పూడదు, నీళ్లు వదలగానే కారుతుంది. ఎవరైనా "సైజు సరిగ్గానే తెచ్చాను, అయినా అతుకు నిలవట్లేదు" అంటే ముందు రెండు ముక్కలూ ఒకే వరసవో కాదో చూడాలి.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. బొట్టు ఎల్బో అడుగున వేలాడుతోంది. పోయింది ఎల్బోనేనా? నీళ్లు కారిన చోటే బొట్టు కట్టాలని లేదు. పైపు అడుగున పాకుతూ వెళ్లి, ఇక ముందుకు పోలేని చోట, అంటే అడ్డం పైపు మీద అన్నిటికంటే కింద ఉన్న చోట బొట్టు కడుతుంది. మన లైనులో ఆ చోటు ఎల్బో మూల. ఫొటోను పెద్దది చేసి చూస్తే పైపు అడుగున తడి మెరుపు ఎల్బో నుంచి వెనక్కి, గాట్ల రింగు దాకా ఉంది. రింగుకు ఇవతల, వాల్వ్ వైపు, పొడిగా ఉంది. కాబట్టి అనుమానం యూనియన్ మీదికి పోతుంది. ఫొటోతో ఇక్కడిదాకానే రాగలం. తేల్చుకోవాలంటే డాబా ఎక్కాల్సిందే. పైపంతా గుడ్డతో తుడిచి, రింగు చుట్టూ ఒకటి, ఎల్బో నోటి చుట్టూ ఒకటి పొడి కాగితం చుట్టి పది నిమిషాలు ఆగితే, ముందు ఏది తడిస్తే దోషం దానిది.

యూనియన్‌దే అయితే ఎల్బో కొనే పనే లేదు. ఎర్ర పిడిని పైపుకు అడ్డంగా తిప్పి నీళ్లు ఆపండి. కింద ఒక కుళాయి విప్పితే లైనులో నిలిచిన నీళ్లు దిగిపోతాయి. రింగును చేత్తో విప్పండి. ప్లాస్టిక్ యూనియన్‌లో రెండు కాలర్ల మధ్య ఒక రబ్బరు రింగు ఉంటుంది, దాన్ని ఓ రింగ్ అంటారు. నీళ్లను ఆపేది అదే, బయటి త్రెడ్డు కాదు. ఆ రబ్బరు నలిగిపోయిందా, పగిలిందా, లేక మధ్యలో ఇసుక రేణువు ఇరుక్కుందా చూడండి. ఇసుకైతే కడిగి బిగిస్తే చాలు. రబ్బరు పోతే పాతది చేతబట్టుకుని కొట్టుకెళ్లండి, ఎందుకంటే ఒకే సైజు యూనియన్‌కు కూడా ఒక్కో కంపెనీ రబ్బరు ఒక్కో మందంలో ఉంటుంది. చాలామంది ఇక్కడ బయటి త్రెడ్డుకు టెఫ్లాన్ టేపు చుట్టేస్తారు. దానివల్ల ఉపయోగం లేదు, పైగా మందంగా చుడితే కాలర్లు పూర్తిగా దగ్గరికి రాక లీకు ఎక్కువవుతుంది. రింగు చేత్తో బిగిసిందాక బిగించి, ఆపైన కాస్త మాత్రమే తిప్పండి. పానా పెట్టి బలంగా లాగితే ప్లాస్టిక్ చీలుతుంది.

కాలరే చీలి ఉంటే యూనియన్ మొత్తం మార్చాలి. సగం కొత్తది, సగం పాతది కలవదు. అప్పుడు కొట్లో అడగాల్సిన మాట ఇది: "తెల్ల యూపీవీసీ, ఇంచు, రెండు వైపులా సొల్యూషన్ అతుకు, యూనియన్ ఒకటి." దీంట్లో నాలుగు సంగతులున్నాయి. దేనితో చేసింది, ఎంత సైజు, చివర్లు ఎలాంటివి, చేసే పని ఏమిటి. ఈ నాలుగిట్లో ఏది తగ్గినా కొట్టువాడు ఊహించాల్సిందే. పాత యూనియన్ కోసేస్తే పైపు కొంత పొట్టిదవుతుంది కాబట్టి దాంతోపాటు ఇంచు పైపు ఒక జానెడు, ఒక కప్లింగ్ కూడా తెచ్చుకోండి. అతికించే ముందు గాట్ల రింగును పైపుకు తొడిగారో లేదో, దాని త్రెడ్డు వైపు రెండో కాలరుకు ఎదురుగా ఉందో లేదో చూసుకోండి. రింగు మరిచిపోయి కాలరు అతికించేశాక దాన్ని తొడిగే దారి లేదు. మళ్లీ కోయాలి.

ఇదే నాలుగు సంగతుల లెక్కన ఆ ఫొటోలోని మిగతా ముక్కల పేర్లూ చెప్పేద్దాం. అతుకు చివర్ల ఇంచు యూపీవీసీ బాల్ వాల్వ్. ఇంచు యూపీవీసీ ఎల్బో, 90 డిగ్రీలు, రెండూ అతుకు నోళ్లు. ఇంచు బై ముప్పావు యూపీవీసీ రెడ్యూసర్, అతుకు నోళ్లు. ఇలా పేరు రాసి పంపితే పక్కన ఫొటో లేకపోయినా సరైన సరుకే వస్తుంది.

ఇక మీరు కొట్టుకు ఫొటో పంపాల్సి వస్తే రెండు పంపండి. ఒకటి దూరం నుంచి, నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో తెలిసేలా, వాల్వ్ పిడి కనబడేలా. ఇంకోటి దగ్గర నుంచి, పక్కన పది రూపాయల బిళ్లతో, పైపు మీది అక్షరాలు చదవగలిగేలా. తుడిచి తీయండి, తడి మళ్లీ ఎక్కడ మొదలైందో రాయండి. మీకు కావాల్సిన ముక్క చుట్టూ వేలితో ఒక సున్నా చుడితే, "ఇది" అంటే ఏదో కొట్టువాడు మళ్లీ అడగడు.